చీటీ ఇవ్వకపోతే తప్ప నిరాకరించబడదు: ఇంతకీ డబ్బులొస్తాయా, రావా?

ఎండాకాలం దగ్గర పడేకొద్దీ వరంగల్ ఎనుమాముల మార్కెట్ మిర్చితో ఎర్రబడుతుంది. రేటు నచ్చని రైతు బస్తాలు కోల్డ్ స్టోరేజీలో పెట్టి, ధర పెరిగేదాకా ఆగుతాడు. బస్తాలు పెట్టినప్పుడు చేతికొచ్చే రసీదు వెనక షరతులు చిన్న అక్షరాల్లో ఉంటాయి. ఆ ధోరణిలో నేనే ఒక షరతు రాసి చూపిస్తాను:

"రైతు తేమ పరీక్ష చీటీ సమర్పించకపోతే తప్ప, నిల్వలో పాడైన బస్తాలకు నష్టపరిహారం నిరాకరించబడదు."

చీటీ ఇచ్చిన రైతుకు డబ్బులొస్తాయా? చీటీ ఇవ్వని రైతుకో? మొదటిసారి చదివి వెంటనే జవాబు చెప్పగలిగేవాళ్లు తక్కువ. తప్పు చదివేవాళ్లది కాదు. ఈ ఒక్క వాక్యంలో 'కాదు' అనే అర్థం నాలుగు చోట్ల దాగి ఉంది. 'సమర్పించకపోతే'లో ఒకటి, 'తప్ప'లో ఒకటి, 'నిరాకరించు' అనే మాటలోనే ఒకటి, చివర '-బడదు'లో ఇంకొకటి. తెలుగులో వ్యతిరేకం చాలాసార్లు విడి మాటగా నిలబడదు, క్రియ కడుపులో కలిసిపోతుంది. 'ఇచ్చిన', 'ఇవ్వని' అనే మాటల మధ్య తేడా రెండక్షరాలే. వేగంగా చదివే కంటికి అది దొరకదు.

వ్యతిరేక వాక్యం మెదడుకు ఎక్కువ పని పెడుతుందని మనస్తత్వ శాస్త్రవేత్తలు చాలాకాలం క్రితమే కొలిచి చూశారు. లండన్‌లో పీటర్ వాసన్ 1959లోనే ఈ ప్రయోగాలు మొదలుపెట్టాడు. 1972లో హెర్బర్ట్ క్లార్క్, విలియం చేజ్ ఇంకా సులువైన పరీక్ష పెట్టారు. ఒక వాక్యం, పక్కనే ఒక బొమ్మ. బొమ్మలో నక్షత్రం, కూడిక గుర్తు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. 'నక్షత్రం పైన ఉంది' అంటే నిజమో కాదో చెప్పడానికి పట్టే సమయం కన్నా 'నక్షత్రం పైన లేదు' అన్నప్పుడు ఎక్కువ పట్టింది. రెండు గుర్తులున్న బొమ్మకే అలా ఉంటే, నాలుగు వ్యతిరేకాలున్న షరతు సంగతి చెప్పక్కర్లేదు.

అన్నింటికన్నా ఎక్కువ తిప్పలు పెట్టేది 'తప్ప'. 'వానొస్తే తప్ప చెరువు నిండదు' అంటాం. చెరువు నిండటానికి వాన ఒక్కటే దారి అని అందరికీ తెలుస్తుంది. ఇప్పుడు 'వాన రాకపోతే తప్ప చెరువు నిండదు' అనండి. వినగానే నవ్వొస్తుంది, ఎందుకంటే వాన రాకుంటేనే చెరువు నిండుతుందని దాని అర్థం. చెరువు మనకు తెలుసు కాబట్టి తప్పు పట్టుకున్నాం. తేమ చీటీకీ నష్టపరిహారానికీ ఉన్న సంబంధం మనకు ముందుగా తెలీదు. అందుకే 'చీటీ సమర్పించకపోతే తప్ప పరిహారం చెల్లించబడదు' అని రాసినా ఎవరికీ ఏమీ అనిపించదు. అక్షరాలా చదివితే అది చీటీ ఇవ్వనివాళ్లకే డబ్బులిస్తామంటోంది! రాసిన మనిషి ఉద్దేశం కచ్చితంగా అది కాదు. 'తప్ప' ముందు '-కపోతే' కనిపిస్తే అక్కడ ఆగి రెండోసారి చదవాల్సిందే.

మన షరతు దగ్గరికి వద్దాం. చిక్కు విప్పడానికి మాటలతో కుస్తీ పట్టొద్దు, ఇద్దరు రైతులను ఊహించుకోండి. ఒకరి దగ్గర చీటీ ఉంది, ఇంకొకరి దగ్గర లేదు. వాక్యాన్ని చెరువు వాక్యంలా చదివితే, నిరాకరించడానికి ఒక్కటే దారి ఉంది, అది చీటీ ఇవ్వకపోవడం. కాబట్టి చీటీ ఉన్న రైతుకు నిరాకరించకూడదు. మరి చీటీ లేని రైతు? ఆయనకు కచ్చితంగా నిరాకరిస్తామని వాక్యం చెప్పలేదు, నిరాకరించే వీలుందని మాత్రమే తేలుతోంది. ఇవ్వాలనుకుంటే యాజమాన్యం ఇవ్వొచ్చు. ఇంత పెద్ద ఖాళీ వ్యతిరేకాల కింద కప్పబడి ఉంది.

అందుకే దీన్ని సూటిగా తిరగరాసేటప్పుడు ఒక వాక్యం రెండవుతుంది. మొదటిది సులువు: "తేమ పరీక్ష చీటీ ఇచ్చిన రైతుకు, నిల్వలో పాడైన బస్తాలకు మేం పరిహారం చెల్లిస్తాం." రెండోదాన్ని తిరగరాసేవాళ్లు సొంతంగా తేల్చకూడదు. "చీటీ ఇవ్వని రైతుకు పరిహారం ఉండదు" అనా, "చీటీ ఇవ్వని రైతుకు ఇవ్వాలా వద్దా అన్నది యాజమాన్యం నిర్ణయిస్తుంది" అనా? యాజమాన్యాన్ని అడిగి రాయాలి. 'చెల్లించబడదు', 'నిరాకరించబడదు' లాంటి మాటల్లో ఆ పని చేసేదెవరో కనిపించరు. 'మేం చెల్లిస్తాం' అని రాయగానే బాధ్యత ఎవరిదో బయటపడుతుంది. కొందరు ఆ మార్పుకు ఒప్పుకోకపోవడానికి అదీ ఒక కారణమని నా అనుమానం.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. సూటిగా రాసే తొందరలో "చీటీ ఇచ్చిన రైతులకు మాత్రమే పరిహారం" అని రాసేస్తారు. చదవడానికి హాయిగా ఉంటుంది, కానీ నియమం మారిపోయింది. 'మాత్రమే' అనేసరికి చీటీ లేనివాళ్లకు తలుపు మూసుకుపోయింది. పైగా చీటీ ఉన్న ప్రతి రైతుకూ ఇస్తామన్న హామీ కూడా పోయింది, ఎందుకంటే 'మాత్రమే' ఎవరికి రాదో చెబుతుంది గానీ అందరికీ వస్తుందని చెప్పదు.

ఇంకో రకం చిక్కు జాబితాల్లో ఉంటుంది. "ఆధార్, పాసుపుస్తకం లేని రైతులకు చెల్లింపు ఉండదు" అన్న వాక్యంలో రెండూ లేనివాళ్లను ఆపుతున్నారా, ఒక్కటి లేకపోయినా ఆపుతున్నారా? ఆధార్ ఉండి పాసుపుస్తకం లేని రైతు ఈ వాక్యంలో ఎటూ కాకుండా వేలాడుతున్నాడు. 'రెండూ ఉన్నాయి' అనేదానికి వ్యతిరేకం 'కనీసం ఒకటి లేదు' అవుతుంది గానీ 'రెండూ లేవు' కాదు. తర్కశాస్త్రంలో ఈ సూత్రం అగస్టస్ డి మోర్గాన్ పేరుతో ఉంది. ఆయన 1806లో మన పక్కనే, మదురైలో పుట్టాడు. "ఆధార్, పాసుపుస్తకం రెండూ చూపించిన రైతుకే చెల్లిస్తాం" అనో, "రెండింటిలో ఏదో ఒకటి చూపిస్తే చాలు" అనో రాస్తే ఏ రైతూ వేలాడడు.

ప్రతి వ్యతిరేకాన్నీ పీకేయాలని కాదు. జనం చేస్తారని తెలిసిన పనిని వద్దనాలంటే 'వద్దు' అనే మాటే సరైనది. వాసన్ 1965లో చూపించింది కూడా ఇదే. విన్నవాళ్లు ముందే ఊహించే విషయాన్ని కాదనేటప్పుడు వ్యతిరేక వాక్యం అంత భారం కాదు. "బస్తాల మీద నీళ్లు చల్లొద్దు" అన్నది స్పష్టంగా ఉంది. దాన్ని "బస్తాలను పొడిగా ఉంచండి" అని మారిస్తే నిషేధం కాస్తా సలహా అయిపోతుంది. ఒక వాక్యానికి ఒక వ్యతిరేకం ఉంటే ఇబ్బంది లేదు. రెండోది చేరినప్పుడు అనుమానించాలి. 'రద్దు', 'మినహాయింపు', 'అనర్హత', 'విఫలమైతే' లాంటి మాటలను కూడా ఆ లెక్కలో వేసుకోవాలి.

తిరగరాసిన షరతు పనిచేస్తుందో లేదో చూడటానికి దాన్ని ఒక రైతుకు చదివి వినిపించాలి. 'అర్థమైందా?' అని అడిగితే మర్యాదకు తలూపుతారు. "పెద్దయ్యా, నీ బస్తాలు పాడైనయి, నీ దగ్గర చీటీ లేదు. పైసలొస్తయా?" అని అడగాలి. తర్వాత చీటీ ఉన్న రైతు సంగతీ అట్లే అడగాలి. ఇద్దరు ముగ్గురు రైతులు వేర్వేరు జవాబులు చెబితే, వాక్యాన్ని ఇంకోసారి రాయాలి.