59 శాంపిల్స్‌లో ఒకటి తీసేస్తే ఏమవుతుంది? కొన్ని అపోహలు, వాస్తవాలు

"సర్, ఆ ఒక్క రీడింగ్ తీసేస్తే రిపోర్ట్ అయిపోతుంది కదా?" వ్యాలిడేషన్ పనిలో ఈ ప్రశ్న నన్ను అడిగినన్నిసార్లు ఇంకేదీ అడగలేదు. మొన్న మళ్లీ అడిగారు. అడిగిన కుర్రాడు తెలివైనవాడే. పొద్దున ఆడిట్, రాత్రి దాకా కూర్చున్నాడు, గొంతులో టెన్షన్ వినిపిస్తోంది. అతని మీద నాకు కోపం లేదు. "అది ఔట్‌లయర్, తీసేయ్, ఏం కాదు" అని అతనికి చెప్పినవాళ్ల మీదే కోపం.

విషయం ఇదీ, అంకెలు కాస్త మార్చి చెబుతున్నాను. మందు నింపి వచ్చే సిరంజీలు. ప్లంజర్ లోపలికి జారడానికి ఎంత బలం పడుతుందో కొలుస్తారు, అదే గ్లైడ్ ఫోర్స్. కస్టమర్ 15 న్యూటన్లు దాటకూడదన్నాడు. 95/95 చూపించాలి, అంటే సిరంజీల్లో కనీసం 95 శాతం 15 లోపే ఉన్నాయని 95 శాతం కాన్ఫిడెన్స్‌తో చెప్పాలి. గాజు గొట్టం లోపల సిలికాన్ నూనె అక్కడక్కడా పలచబడితే బలం బాగా పెరుగుతుంది, అందుకే ఈ రీడింగ్స్ కుడి వైపు తోకలా సాగుతాయి. రెండు వైపులా సమానంగా ఉండే గంట ఆకారం, అంటే నార్మల్ అనుకుని లెక్క వేయడం సాహసం. కాబట్టి రీడింగ్స్ ఏ ఆకారంలో పరుచుకున్నా పనిచేసే డిస్ట్రిబ్యూషన్-ఫ్రీ పద్ధతి పట్టారు: 59 సిరంజీలు తీసి, వాటిలో అతి పెద్ద రీడింగే పై హద్దు. యాభై ఎనిమిది 14.8కి లోపే వచ్చాయి. ఒకటి మాత్రం 17.6.

అపోహ: అంత పెద్ద రీడింగ్ ఒకటే ఉంది కాబట్టి పక్కన పెట్టి, 14.8 హద్దు అని రాసేయొచ్చు. 59 చేశాం కదా.

వాస్తవం: 59 అనే అంకె అతి పెద్ద రీడింగ్‌కి మాత్రమే పుట్టింది. అది ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. మొత్తం సిరంజీల్లో 95 శాతం ఏ గీతకి లోపల ఉంటాయో, ఆ గీత ఎక్కడుందో మనకి తెలియదు. మన హద్దు ఎప్పుడు దెబ్బతింటుంది? తీసినవన్నీ ఆ గీతకి కిందే పడినప్పుడు, అప్పుడు మాత్రమే. ఒక్కో సిరంజీ కిందే పడే అవకాశం 0.95. 59 అన్నీ కిందే పడే అవకాశం:

```
0.95^59 = 0.0485
```

ఐదు శాతంలోపు, కాబట్టి 95 శాతం కాన్ఫిడెన్స్ వచ్చింది. 58 తీస్తే 0.0510, అందుకే చాలదు. 1941లో శామ్యూల్ విల్క్స్ వేసిన పునాది మీదే ఈ లెక్క నడుస్తోంది. ఇందులో డిస్ట్రిబ్యూషన్ ఆకారం ఎక్కడా రాలేదు, గమనించారా?

ఇప్పుడు పెద్దది తీసేసి రెండోదాన్ని హద్దు అన్నామనుకోండి. ఆ గీతకి పైన ఒక్కటే పడినా, దాన్ని మనమే పక్కన పెడతాం కాబట్టి, రెండోది గీతకి కిందే ఉంటుంది. హద్దు దెబ్బతినే దారి ఇప్పుడు ఇంకొకటి తెరుచుకుంది:

```
0.95^59 + 59 × 0.05 × 0.95^58 = 0.199
```

అంటే కాన్ఫిడెన్స్ 95 నుంచి 80కి పడిపోయింది. రిపోర్ట్‌లో మాత్రం 95 అనే ఉంటుంది. ఒక్క రీడింగ్ ఖరీదు అంత. రెండో పెద్ద రీడింగ్‌ని హద్దుగా వాడాలంటే 93 సిరంజీలు కావాలి, ఆ సంగతి ప్రోటోకాల్‌లో ముందే రాసి ఉండాలి.

ఇక్కడ చురుకైనవాళ్లు ఇంకో మాట అంటారు: "సరే సర్, ఇంకో 34 చేసి 93 చేసేస్తాం." ఇదీ కుదరదు. మొదటి 59లో అన్నీ 15 లోపే వస్తే అక్కడే ఆగి పాస్ అనేవాళ్లు కదా, ఒకటి దాటితేనే మిగతావి గుర్తొచ్చాయి. అంటే పాస్ కావడానికి రెండు తలుపులు. సరిగ్గా 5 శాతం చెడ్డవి ఉన్న బ్యాచ్ మొదటి తలుపులో దూరే అవకాశం 4.85 శాతం, రెండో తలుపులో ఇంకో 2.6. కలిపితే 7.5, కాన్ఫిడెన్స్ 92.5. ముందే రెండు దశల ప్లాన్ వేసుకుంటే వేరే అంకెలతో సరిగ్గా చేయొచ్చు. ఫెయిలయ్యాక వేసుకున్నది ప్లాన్ కాదు. పాసయ్యే దాకా మళ్లీ మళ్లీ 59 చేసేవాళ్లదీ ఇదే కథ. మూడుసార్లు ప్రయత్నిస్తే అలాంటి బ్యాచ్ దాటిపోయే అవకాశం దాదాపు 14 శాతం.

మరి ఆ కుర్రాడు ఏం చేయాలి? 17.6 వచ్చిన సిరంజీ దగ్గరికే వెళ్లాలి. టెస్టర్ గ్రాఫ్ తీసి చూడమన్నాను. సిరంజీ హోల్డర్‌లో వంకరగా కూర్చుని ప్లంజర్ పక్కకి రాసుకుంటే గ్రాఫ్ ఆకారంలో ఆ ఆనవాలు దొరకొచ్చు. కొలతే తప్పని ఆధారం దొరికితే, దాన్ని కాగితం మీద పెట్టి ఆ టెస్ట్‌ని చెల్లనిదిగా చేసి, ఇంకో సిరంజీ తీసుకోవచ్చు. అప్పుడు 59 మళ్లీ నిజమైన 59. అయితే ఆ కారణం రీడింగ్ చిన్నదిగా వచ్చినా చెల్లేదై ఉండాలి. పెద్దది వచ్చినప్పుడే హోల్డర్ వంకర కనిపిస్తే నేను నమ్మను. అతని గ్రాఫ్‌లో మొదట్లో మామూలుగా ఉండి, చివరి మూడో వంతులో బలం మెల్లగా ఎక్కింది. నూనె అక్కడ పలచగా ఉన్న సిరంజీలో ఇలాగే కనిపిస్తుంది. కొలత సరిగ్గానే ఉంది, తోక నిజంగానే ఉంది. హద్దు 17.6, కస్టమర్ స్పెక్ 15, ఫెయిల్. పని చేయాల్సింది నూనె చల్లే నాజిల్ దగ్గర, ఎక్సెల్‌లో కాదు.

అపోహ: డిస్ట్రిబ్యూషన్-ఫ్రీ అంటే షరతులేమీ లేవు.

వాస్తవం: ఆకారం గురించి షరతు లేదు, అంతే. శాంపిల్స్ యాదృచ్ఛికంగా, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా రావాలి. 0.95ని 59 సార్లు గుణించే హక్కు అక్కడి నుంచే వచ్చింది. ఒక ప్లాంట్‌లో నా కళ్ల ముందే శాంపిల్స్ తీసే అబ్బాయి లైన్ చివర ట్రే మొత్తం ఎత్తుకొచ్చాడు. ఆ ట్రేలోవన్నీ కొద్ది నిమిషాల్లో, ఒకే నాజిల్ కింద నుంచి వచ్చినవి. అవి ఆ నిమిషాల గురించి చెబుతాయి, బ్యాచ్ గురించి కాదు. నాజిల్స్ నాలుగుంటే నాలుగిటివీ, బ్యాచ్ మొదలు, మధ్య, చివర కలిసేలా ర్యాండమ్ నంబర్లతో తీయండి.

అపోహ: బ్యాచ్ రెండు లక్షలైతే 59 చాలవు.

వాస్తవం: పై లెక్కలో బ్యాచ్ సైజ్ లేదు. శాంపిల్ కంటే బ్యాచ్ చాలా పెద్దదైతే చాలు. ముడిసరుకు డ్రమ్ముల్లో ఎన్నింటి నుంచి శాంపిల్ తీయాలో తేల్చడానికి వాడే "రూట్ ఎన్ ప్లస్ వన్" సూత్రాన్ని దయచేసి ఇక్కడికి తేకండి, దానికీ దీనికీ సంబంధం లేదు.

అపోహ: అతి పెద్ద రీడింగ్ అంటే బ్యాచ్‌లో అంతకు మించింది ఉండదు.

వాస్తవం: ఉంటుంది. 5 శాతం దాకా ఉండొచ్చు, అవి ఎంత పైకి పోతాయో ఈ పద్ధతి అసలు చెప్పదు. సగటున 59లో పెద్దది బ్యాచ్‌లో 60కి 59 వంతులు, అంటే 98.3 శాతం కింద పెట్టుకుంటుంది, కానీ మీ 59 ఆ సగటు లాంటిదేనని ఎవరూ హామీ ఇవ్వరు. రోగి చెయ్యి నొక్కలేనంత గట్టి సిరంజీ ప్రమాదమైతే అదే 95 శాతం కాన్ఫిడెన్స్‌తో 95 శాతం సిరంజీలు కాదు, 99 శాతం సిరంజీలు అడగండి. అప్పుడు 299 కావాలి. మేనేజర్ ముఖం మారుతుంది, మారనివ్వండి.