గాజు సైజు మణికట్టుది కాదు, మెటికలది

మా చెల్లి సీమంతానికి గాజులు తెప్పించే పని నేను తీసుకున్నాను. తను ఇదివరకు రోజూ వేసుకున్న పాత మట్టిగాజు ఒకటి తీసి, లోపలి అంచు నుంచి లోపలి అంచుకి స్కేలు పెట్టి చూశాను. 6 సెంటీమీటర్లు వచ్చింది. అంగుళాల్లోకి మారిస్తే 2.36, అంటే దాదాపు 2.4. ఆన్‌లైన్ సైజుల పట్టీలో 2.4 అని కనిపించగానే అదే ఆర్డర్ పెట్టేశాను. వచ్చిన డజను గాజుల్లో ఒక్కటి కూడా చెల్లి మెటికలు దాటలేదు.

కొలత సరిగ్గానే తీశాను. చుక్కని తప్పుగా చదివాను. గాజుల సైజులో 2.4 అంటే రెండు దశాంశం నాలుగు కాదు, రెండు అంగుళాల మీద అంగుళంలో పదహారో వంతులు నాలుగు. పాత రోజుల్లో రూపాయికి పదహారు అణాలున్నట్టే ఇక్కడ అంగుళానికి పదహారు భాగాలు. నాలుగు అణాలు పావలా అయినట్టు, 2-4 అంటే రెండుంపావు అంగుళాలు. 2-8 అంటే రెండున్నర. ఈ లెక్క తెలిస్తే 2-8 కంటే 2-10 ఎందుకు పెద్దదో కూడా అర్థమవుతుంది. మిల్లీమీటర్లలో లోపలి వ్యాసం 2-4కి 57.2, 2-6కి 60.3, 2-8కి 63.5. చెల్లి పాత గాజు 2-6. నేను తెప్పించినవి దానికంటే 3 మిల్లీమీటర్లు చిన్నవి.

3 మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ వ్యాసం అంత తగ్గితే చుట్టుకొలత సుమారు 10 మిల్లీమీటర్లు తగ్గుతుంది. ఒక సైజుకీ పక్క సైజుకీ మధ్య తేడా చుట్టుకొలతలో 1 సెంటీమీటరు అని గుర్తుంచుకుంటే చాలు. కొలిచేటప్పుడు టేపు అర సెంటీమీటరు వదులైనా సైజు మారిపోవచ్చు. సాగే దారంతో కొలవొద్దనేది అందుకే. సన్నగా కత్తిరించిన కాగితం పట్టీ నయం.

ఇక అసలు ప్రశ్న, ఎక్కడ కొలవాలి? చాలామంది మణికట్టు చుట్టూ కొలుస్తారు. గాజు ఉండేది అక్కడే, కానీ అక్కడికి చేరాలంటే చేతిలో అన్నిటికంటే వెడల్పైన చోటు దాటాలి. అది నాలుగు వేళ్ల మెటికలూ, బొటనవేలి మొదలూ ఉన్న చోటు.

ఆ తర్వాత విశాఖ పూర్ణామార్కెట్లో గాజులమ్మే ఒక పెద్దావిడ దగ్గరికి చెల్లిని తీసుకెళ్లాను. ఆవిడ టేపు తియ్యలేదు. చెల్లి చెయ్యి తన ఒళ్లోకి తీసుకుని, బొటనవేలిని అరచేతిలోకి మడిచి, చిటికెన వేలి వైపు అంచుని లోపలికి నొక్కింది. "చెయ్యి వదిలెయ్యమ్మా, బిగబట్టకు" అంది. వెడల్పుగా ఉన్న అరచెయ్యి దొన్నెలా గుండ్రంగా ముడుచుకుంది. గాజు ఎక్కే కిటుకంతా ఆ ముడుచుకోవడంలోనే ఉంది.

మీ చేతి మీదే చూసుకోవచ్చు. చూపుడువేలి మెటికని రెండు వేళ్లతో పట్టుకుని పైకీ కిందకీ కదపండి, దాదాపు కదలదు. చిటికెన వేలి మెటికని కదపండి, తేలిగ్గా కిందకి దిగుతుంది. చూపుడువేలు, మధ్యవేలి అరచేతి ఎముకలు మణికట్టు ఎముకలకి బిగిసి ఉంటాయి. ఉంగరపు వేలిది కొంచెం, చిటికెన వేలిది ఇంకొంచెం ఎక్కువ కదులుతాయి. బొటనవేలి మొదట్లో ఉన్న కీలు గుర్రపు జీను ఆకారంలో ఉండి అన్ని వైపులకీ తిరుగుతుంది. కదలని రెండు ఎముకల చుట్టూ ఆ చివర్లు రెండూ ముడుచుకుంటే చెయ్యి గుండ్రమవుతుంది.

గుండ్రమైతే లాభమేమిటో ఒక దారం చూపిస్తుంది. 19 సెంటీమీటర్ల దారానికి ముడి వేసి గుండ్రంగా పరిస్తే అడ్డంగా 6 సెంటీమీటర్లు ఉంటుంది. అదే దారాన్ని బాగా కోలగా నొక్కితే వెడల్పు ఏడున్నర దాటుతుంది. దారం పొడవు మారలేదు, ఆకారమే మారింది. చాపిన చెయ్యి ఆ నొక్కిన దారం లాంటిది, 6 సెంటీమీటర్ల గాజులో పట్టదు. ముడిచిన చెయ్యి గుండ్రటి దారం లాంటిది, పడుతుంది. మణికట్టు దగ్గరికి చేరాక చెయ్యి వదిలేస్తే మళ్లీ వెడల్పవుతుంది, గాజు బొటనవేలి మొదలు దగ్గర ఆగిపోతుంది.

కాబట్టి గాజు బిగువుగా ఉండటమంటే మణికట్టుకి అతుక్కుని ఉండటం కాదు. ముడిచిన చేతికి దారి ఇవ్వాలి, వదిలిన చేతికి ఇవ్వకూడదు. సరైన సైజు ఆ రెండింటి మధ్యలో, ముడిచిన చేతికి దగ్గరగా ఉంటుంది. పరీక్ష కూడా తేలికే. గాజు వేసుకుని చెయ్యి కిందకి వేలాడదీసి, వేళ్లు వదులుగా ఉంచి ఊపండి. బొటనవేలి మొదలు దగ్గర ఆగితే సరిపోయినట్టే. మెటికల మీదకి జారితే పెద్దది, సబ్బు చేత్తో గిన్నెలు తోముతుంటే ఊడి పడుతుంది. ఎక్కించేటప్పుడు మెటికల మీద చర్మం ముడతలు పడి ఎర్రగా కందిపోతే చిన్నది. సబ్బుతోనో, చేతికి ప్లాస్టిక్ కవరు చుట్టో దాన్ని ఎక్కించవచ్చు. చర్మం జారుతుంది గానీ ఎముక తగ్గదు, తియ్యాలన్నప్పుడు అంత కష్టమూ మళ్లీ పడాలి. పెద్దావిడ బిగబట్టొద్దన్నదీ అందుకే. భయంతో బిగబడితే బొటనవేలి మొదట్లో ఉన్న కండ ఉబ్బి దారి ఇంకా ఇరుకవుతుంది.

కొలిచేటప్పుడూ ఆవిడ పట్టిన పట్టే పట్టాలి. బొటనవేలు చిటికెన వేలి వైపు మడిచి, మెటికల చుట్టూ వెడల్పైన చోట పట్టీ ఆనించి, వచ్చిన చుట్టుకొలతని 3.14తో భాగించాలి. ఎక్కువగా పనిచేసే చెయ్యి కాస్త పెద్దదిగా ఉంటుంది కాబట్టి దాన్నే కొలవాలి. విశాఖ ఉక్కపోతలో మధ్యాహ్నానికి చేతులు కొంచెం ఉబ్బుతాయి, పొద్దున్నే లేచి కొలిస్తే మోసపోతాం. చెల్లికి ఏడో నెల, నీరు చేరి చేతులు ఇంకా నిండుగా ఉన్నాయి. సాయంత్రం కొలిస్తే 19.9 సెంటీమీటర్లు వచ్చింది. భాగిస్తే 63.4 మిల్లీమీటర్లు, అంటే 2-8. పెద్దావిడ టేపు లేకుండా తీసి పెట్టినవీ 2-8 గాజులే.

కురుపాం మార్కెట్లో బంగారు కడియాలు చూసినప్పుడు ఇంకో సంగతి తేలింది. అదే 2-8లో వెడల్పాటి కడియం చెల్లి చేతికి ఎక్కలేదు. సన్న గాజుని ఏటవాలుగా పట్టి, ముందు చిటికెన వేలి మెటిక దాటించి, తర్వాత బొటనవేలి వైపు దించవచ్చు. ఒక్కో ఎత్తునీ విడివిడిగా దాటుతుంది. వెడల్పాటి కడియం అలా ఏటవాలుగా రాదు, మెటికలనీ బొటనవేలి మొదలునీ ఒకేసారి దాటాలి. అందుకే కడియానికి ఒక సైజు పెంచి అడగాలి.

బంగారంలో పాత గాజునే ఆదిగా ఇచ్చేవాళ్లు ఒకటి చూసుకోవాలి. వాడిన బంగారు గాజు నొక్కుకుపోయి కోలగా మారి ఉంటుంది. ఒక్క వైపే కొలిస్తే తప్పొస్తుంది. పొడవాటి వైపూ పొట్టి వైపూ కొలిచి సగటు తీసుకోవాలి.

మేము ఆ రోజు కడియాలు కొనలేదు. కాన్పు అయిన మూడు నెలలకి చెల్లి చెయ్యి మళ్లీ కొలిస్తే 19 సెంటీమీటర్లు వచ్చింది. వెడల్పు కడియానికి ఒక సైజు కలిపి 2-8 చేయించాం. సీమంతం నాటి మట్టిగాజులూ 2-8వే, కానీ అవి ఇప్పుడు చెయ్యి ఊపితే మెటికల మీదకి జారిపోతున్నాయి.