మెషీన్ ధరలో కలపాలా, పీ అండ్ ఎల్‌కి పంపాలా: ఏఎస్ 11 లెక్క వెనక కథ

మొన్న హనుమకొండలో మా దగ్గర అకౌంట్స్ నేర్చుకునే ఒక అమ్మాయి పాత గైడ్ ఒకటి పట్టుకొచ్చింది. "సార్, ఇందులో డాలర్ రేటు మారడంతో వచ్చిన తేడాని మెషీన్ ధరలో కలిపిండ్రు, మీరేమో లాభనష్టాల ఖాతాలో, పీ అండ్ ఎల్‌లో వేయమన్నరు, ఏది రైటు?" అని అడిగింది. గైడ్ తప్పేం కాదు, అది అచ్చయిన రోజుల్లో రూల్ అదే. ఆ రూల్ ఎందుకు మారిందో తెలియకపోతే పరీక్షలో ఈ లెక్క ఎప్పుడూ తికమకే.

1966 జూన్ 6న రూపాయి విలువ తగ్గించారు. అప్పటిదాకా డాలర్‌కి 4.76 రూపాయలు, ఆ రోజు నుంచి 7.50. బయటి దేశం నుంచి మెషీన్ తెచ్చి ఇంకా డబ్బు కట్టని కంపెనీకి బాకీ రాత్రికి రాత్రి 57 శాతం పెరిగిపోయింది. మెషీన్ కోసం చేసిన బాకీ కదా, పెరిగింది కూడా మెషీన్ ఖర్చే అనుకోవడం అప్పట్లో సహజం. 1967లో ఆదాయపు పన్ను చట్టంలోకి సెక్షన్ 43ఏ వచ్చింది ఈ దెబ్బ వల్లనే. 1956 కంపెనీల చట్టం షెడ్యూల్ 6 కూడా తేడాని ఆస్తి ధరలోనే సర్దమంది. తర్వాత వచ్చిన ఏఎస్ 11, అంటే విదేశీ మారకం తేడాల లెక్క చెప్పే అకౌంటింగ్ స్టాండర్డ్ కూడా 1994 సవరణలో అదే దారిలో నడిచింది. ఆ అమ్మాయి గైడ్ ఈ కాలం నాటిది.

2003లో ఏఎస్ 11ని మళ్లీ సవరించినప్పుడు ఆలోచనే మారింది. మెషీన్ కొనడం ఒక నిర్ణయం, దాని డబ్బు వెంటనే కట్టకుండా డాలర్లలో బాకీ ఉండటం ఇంకో నిర్ణయం, రెండోదాని లాభనష్టాన్ని మొదటిదానికి అంటగట్టొద్దు అన్నారు. నాకు ఇదే న్యాయంగా అనిపిస్తుంది, ఎందుకంటే డాలర్ పెరిగిందని మెషీన్ ఒక మీటర్ బట్ట కూడా ఎక్కువ నేయదు. అయితే షెడ్యూల్ 6 మారలేదు కాబట్టి కంపెనీలు ఇంకో మూడేళ్లు పాత పద్ధతిలోనే నడిచాయి. 2006 డిసెంబర్‌లో ప్రభుత్వమే అకౌంటింగ్ స్టాండర్డ్స్‌ని రూల్స్‌గా నోటిఫై చేశాక గానీ కొత్త పద్ధతి గట్టిగా అమల్లోకి రాలేదు.

ఇప్పుడు లెక్క చూద్దాం. వరంగల్ కొత్తవాడలో దరీలు నేయించే ఒక యూనిట్ జనవరి 1న 50,000 డాలర్ల మెషీన్ అప్పుమీద తెచ్చిందనుకోండి. ఆ రోజు రేటు 80, మార్చి 31న 82, జూన్ 30న డబ్బు కట్టేసిన రోజు 81. మెషీన్ 40 లక్షలకి ఎక్కుతుంది, ఆ ధర ఇక కదలదు. కదిలేది సప్లయర్ బాకీ. మార్చి 31న అది 41 లక్షలు, అంటే లక్ష నష్టం, ఆ ఏడాది పీ అండ్ ఎల్‌లో. జూన్‌లో కట్టింది 40.5 లక్షలు, పుస్తకంలో ఉన్నది 41 లక్షలు, కాబట్టి కొత్త ఏడాదిలో 50 వేల లాభం.

చాలామంది పడిపోయేది ఇక్కడే. జూన్ రేటుని జనవరి 80తో పోల్చి 50 వేల నష్టం రాస్తారు. మార్చిలో లక్ష నష్టం ఒకసారి రాసేశాం, ఇప్పుడు మళ్లీ నష్టం రాస్తే మొత్తం లక్షన్నర అవుతుంది, జేబులోంచి ఎక్కువ పోయిందేమో 50 వేలే. సెటిల్మెంట్ రోజు పోల్చాల్సింది కొన్న రోజు రేటుతో కాదు, పోయిన ఏడాది చివరి రేటుతో. సరిచూసుకోవడం కూడా తేలికే: రెండేళ్ల తేడాలు కలిపితే మొదటి రేటుకీ చివరి రేటుకీ మధ్య తేడా రావాలి. లక్ష నష్టం, 50 వేల లాభం, నికరం 50 వేల నష్టం. సరిపోయింది.

కథ ఇక్కడితో ఆగలేదు. 2008 మార్చిలో 40 దగ్గరున్న డాలర్ ఏడాది తిరిగేసరికి 51 దాకా పోయింది. విదేశీ అప్పులున్న కంపెనీల లాభాలు ఊడ్చుకుపోయే పరిస్థితి. సరిగ్గా 2009 మార్చి 31న, ఏడాది ముగిసే రోజునే, ఏఎస్ 11లో పేరా 46 తెచ్చారు. మొదలైన నాటికి 12 నెలలు, ఆపైన గడువున్న విదేశీ బాకీ అయితే, దానితో తరుగుదల వేసే ఆస్తి కొనుంటే తేడాని ఆస్తి ధరలో కలుపుకోవచ్చన్నారు. వేరే పనికి వాడుంటే ఒక ప్రత్యేక ఖాతాలో పెట్టి బాకీ గడువంతా కొంచెం కొంచెంగా రద్దు చేసుకోవచ్చన్నారు. అది కంపెనీ ఇష్టం, బలవంతం లేదు. మొదట 2011 దాకా అన్నారు, తర్వాత పేరా 46ఏతో 2020 మార్చి వరకు పొడిగించారు.

అందుకే ఆ అమ్మాయికి చెప్పాను, 2020 మార్చి లోపు ఏళ్ల ప్రశ్న అయితే ముందు బాకీ గడువు చూడు, తర్వాత "కంపెనీ ఆప్షన్ తీసుకుంది" అన్న మాట ఉందా చూడు అని. మన దరీల యూనిట్ బాకీ ఆరు నెలలదే, ఆప్షన్ అన్న మాటే పుట్టదు. తను గైడ్‌లో ఆ పేజీ తీసి, మెషీన్ ధరలో కలిపిన తేడాని పెన్సిల్‌తో కొట్టేసి, పక్కన "1994 రూల్" అని రాసుకుంది.