బరువు వచ్చింది, హాస్టల్‌కు పంపవచ్చా? పాత వాదన వెనుక కథ

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ప్రాంతాల తెలుగు కుటుంబాలు పదో తరగతి కాగానే పిల్లలను విశాఖపట్నం హాస్టళ్లలో చేర్చడం ఆనవాయితీ. లావవుతామన్న భయంతో తిండి మానేసే జబ్బయిన అనొరెక్సియా నెర్వోసాకు చికిత్స పొందుతున్న ఆడపిల్లకు బరువు కొంత పెరగగానే, ఇంటర్ తరగతులు మొదలయ్యే వేళకు ఆమెను హాస్టల్‌కు పంపవచ్చా అన్న వాదన కొత్తగా ఈ పనిలోకి వచ్చిన చికిత్సకుల మధ్య ఈ వేసవిలో మళ్లీ రేగింది. తల్లిదండ్రులే ఇంట్లో తినిపించి పిల్లను కోలుకునేలా చేసే కుటుంబ ఆధారిత చికిత్స మాన్యువల్లో, తిండి బాధ్యతను పిల్లకు తిరిగి అప్పగించే రెండో దశ ఎప్పుడు మొదలవుతుందన్నదే ఈ వాదనకు మూలం.

పందొమ్మిదో శతాబ్దంలో కొందరు వైద్యులు తల్లిదండ్రులను రోగి దగ్గరికే రానిచ్చేవారు కాదు. అసలు మలుపు లండన్‌లోని మాడ్స్‌లీ ఆసుపత్రిలో జెరాల్డ్ రసెల్, ఐవాన్ ఐస్లర్ తదితరులు నిర్వహించి 1987లో ప్రచురించిన అధ్యయనం. అందులోని 80 మందికీ ముందు ఆసుపత్రి వార్డులోనే, నర్సుల పర్యవేక్షణలో బరువు పెంచి, ఆ తరువాతే ఇంటికి పంపారు. ఇంటికి వెళ్లాక ఆ బరువును నిలబెట్టేది ఏ చికిత్స అన్నదే వారు పరీక్షించిన ప్రశ్న. పద్దెనిమిదేళ్లలోపే జబ్బు మొదలై, మూడేళ్లు దాటని 21 మందిలో, కుటుంబంతో కలిసి చికిత్స పొందినవారు ఏడాది తరువాత విడిగా చికిత్స పొందినవారికంటే స్పష్టంగా మెరుగ్గా ఉన్నారు. 1997లో వెలువడిన అయిదేళ్ల పరిశీలనలోనూ ఆ తేడా నిలిచింది. సంఖ్య చిన్నదే, పెద్ద వయసు రోగులకు ఈ ఫలితం వర్తించలేదు కూడా. అయినా వార్డులో వచ్చిన బరువు ఇంట్లో తనంతట తాను నిలవదని అది చూపింది. హాస్టల్ గురించి నేడు వాదించేవారు మరచిపోతున్నది సరిగ్గా దీన్నే.

2001లో జేమ్స్ లాక్, డానియల్ లె గ్రాంజ్, స్టీవార్ట్ ఆగ్రస్, క్రిస్టఫర్ డేర్ ఈ కుటుంబ చికిత్స పద్ధతిని మాన్యువల్‌గా రాశారు. మొదటి దశలో తిండి బాధ్యత పూర్తిగా తల్లిదండ్రులదే. రెండో దశలో దానిని అంచెలంచెలుగా పిల్లకు అప్పగిస్తారు. మూడో దశలో వయసుకు తగిన ఇతర విషయాలు మాట్లాడతారు. సుమారు ఏడాది కాలమని రాసినా, ఒక దశ నుంచి మరో దశకు వెళ్లడం తేదీని బట్టి కాదు. బరువు ఉండవలసిన దానిలో దాదాపు 90 శాతానికి చేరాలి. ఆపై పెద్ద పెనుగులాట లేకుండా భోజనం సాగాలి, తల్లిదండ్రులకు తమ మీద నమ్మకం కుదరాలి.

పలు కుటుంబాల్లో కనిపించేది కలిపి ఒక ఉదాహరణగా చెప్పుకుందాం. పదహారేళ్ల అమ్మాయి, ఉండవలసిన బరువు 49 కిలోలు, వచ్చినప్పుడు 39. నాడి, రక్తపోటు, రక్తపరీక్షలు చూసి ఇంట్లో చికిత్స సురక్షితమని పీడియాట్రీషియన్ చెప్పాకే పని మొదలైంది. రెండో సెషన్‌కు ఇంటిల్లిపాదీ భోజనం తెచ్చుకున్నారు. నెయ్యి వేసిన పప్పన్నం దగ్గర పిల్ల చేయి ఆగిపోగానే, “వద్దంటే వదిలెయ్యండమ్మా, రేపు తింటుంది” అని నాన్నమ్మ అడ్డుపడింది. చికిత్సకుడు నాన్నమ్మను తప్పుపట్టలేదు, తాను తినిపించనూ లేదు. తల్లిదండ్రులను పిల్లకు చెరోవైపు కూర్చోబెట్టి, ఇద్దరూ ఒకే మాట మీద ఉండి ఇంకొక్క ముద్ద తినేలా చూడమన్నాడు. నాలుగో వారానికి 41.4 కిలోలు వచ్చాయి. తొలి నెలలో రెండుంబావు కిలోలకు పైగా పెరగడాన్ని మంచి సూచనగా పరిశోధకులు గుర్తించారు.

నాలుగో నెలకు 44.5 కిలోలు, అంటే 90 శాతం దాటింది. హాస్టల్ మాట వచ్చింది ఇక్కడే. ఫీజు కట్టేశామని, ఏడాది పోతే తోటివారి ముందు పిల్ల మరింత కుంగిపోతుందని తండ్రి అన్న మాటను తేలిగ్గా తీసిపారేయలేం. కానీ అదే వారం తల్లి ప్రతి పూటా పిల్ల పక్కన ముప్పావు గంట కూర్చోవలసి వచ్చింది, నెయ్యి కనిపిస్తే ఇంకా ఏడుపే. అంకె రెండో దశది, భోజనం మొదటి దశది. కొత్త చికిత్సకులు ఎక్కువగా పొరబడేది త్రాసును మాత్రమే చూసినందువల్లే.

పెనుగులాట తగ్గాక, రెండో దశలో మొదట సాయంత్రం అటుకులో, పాలో తనే తీసుకుంటుంది, అమ్మ చూస్తుంది; ఆ తరువాత బడిలో మధ్యాహ్న భోజనం; ఆపై తన కంచంలో తనే వడ్డించుకోవడం. వరుసగా రెండు వారాలు బరువు తగ్గితే ఒక మెట్టు వెనక్కి వస్తారు, దానిని శిక్షగా చెప్పరు. హాస్టల్ మెస్‌లో ఈ మెట్లన్నీ ఒకేసారి దాటవలసి వస్తుంది. అక్కడ కంచం చూసేవారూ, వారంవారం బరువు తూచేవారూ ఉండరు.

మధ్యేమార్గంగా విశాఖలో ఇల్లు అద్దెకు తీసుకుని, తల్లి అక్కడ ఉండగా పిల్లను డే స్కాలర్‌గా చేర్చాలన్న ప్రతిపాదన కొన్ని కుటుంబాల నుంచి వస్తోంది. చికిత్సకుల్లో ఒక వర్గం దానికి ఒప్పుకుంటోంది. అయితే తండ్రి వ్యాపారం పర్లాకిమిడిలోనే ఉంటే, ఇద్దరూ కలిసి కూర్చోవలసిన భోజనాల్లో రోజూ ఒక్కరే మిగులుతారన్న అభ్యంతరం ఇంకా తేలలేదు.