ఎస్‌ఆర్‌వీ రికార్డులు, అపోహలు - వాస్తవాలు: ఆ అంకెలు ఎవరికోసం రాస్తున్నాం?

నల్గొండ చుట్టుపక్కల ఆఫీసుల్లో సర్వర్లు, నెట్‌వర్క్ చూసుకోవడం నా పని. చాట్ పనిచేయట్లేదనో, ఐపీ ఫోన్ రిజిస్టర్ అవట్లేదనో ఫోన్ వస్తే చాలాసార్లు సర్వర్‌లో ఏ లోపమూ ఉండదు, దాన్ని చూపించే డీఎన్‌ఎస్ రికార్డు తప్పుగా ఉంటుంది. మామూలు A రికార్డు ఒక పేరుకు ఐపీ అడ్రస్ మాత్రమే చెబుతుంది. ఎస్‌ఆర్‌వీ రికార్డు ఫలానా సర్వీసు ఏ మెషీన్‌లో, ఏ పోర్టులో ఉందో, ఇంకో మెషీన్ ఉంటే ఏది ముందో కూడా చెబుతుంది. ఇప్పుడు వాడుతున్న రూపం 2000లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2782 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంలో ఉంది. దీని మీద నేను తరచుగా వినే అపోహలు ఇవి.

అపోహ: ప్రయారిటీ అంకె పెద్దగా ఉంటే ఆ సర్వర్‌కే ఎక్కువ ప్రాధాన్యం.

ఇది సరిగ్గా తలకిందులు. పరీక్షలో ర్యాంకు లాంటిదే, చిన్న అంకెదే ముందు వరుస.

నల్గొండలో హెడ్ ఆఫీసు, మిర్యాలగూడ, సూర్యాపేట, మహబూబ్‌నగర్‌లలో బ్రాంచీలు ఉన్న ఒక సంస్థలో ఈ పొరపాటు చూశాను. అక్కడి చాట్ ఎక్స్‌ఎంపీపీ అనే చాట్ ప్రోటోకాల్ మీద నడుస్తుంది. కొత్తవి, బలమైనవి రెండు మెషీన్లు, అవి ఆగిపోతే వాడుకోవడానికి ఒక పాత మెషీన్, మూడూ ఒకే క్లస్టర్‌లో ఉన్నాయి. రికార్డులు రాసినవాళ్లు కొత్తవాటికి 20, పాతదానికి 10 ఇచ్చారు. పొద్దున తొమ్మిదిన్నరకు అందరూ ఒకేసారి లాగిన్ అయ్యేసరికి చాట్ నత్తనడక. బ్రాంచీల వాళ్లు ఇంటర్నెట్ లైన్ బాగాలేదనుకున్నారు. సర్వర్లలో కనెక్షన్లు లెక్కపెడితే సంగతి బయటపడింది: జనమంతా పాత మెషీన్ మీదే ఉన్నారు, కొత్తవి రెండూ దాదాపు ఖాళీ. లైన్ లోపమైతే ఇలా ఒకే మెషీన్ నిండి మిగతావి ఖాళీగా ఉండవు. వెంటనే ఇది కొట్టి చూశాను:

```
dig SRV _xmpp-client._tcp.example.com
```

సరిచేశాక రికార్డులు ఇలా ఉన్నాయి. సంస్థ పేరు బయటపెట్టకుండా డొమైన్ మాత్రం మార్చాను:

```
_xmpp-client._tcp.example.com. 3600 IN SRV 10 60 5222 chat1.example.com.
_xmpp-client._tcp.example.com. 3600 IN SRV 10 40 5222 chat2.example.com.
_xmpp-client._tcp.example.com. 3600 IN SRV 20 0 5222 chat3.example.com.
```

SRV అన్న మాట తర్వాత వరుసగా ప్రయారిటీ, వెయిట్, పోర్టు, మెషీన్ పేరు ఉంటాయి. చాట్ యాప్ ముందు ప్రయారిటీ 10 ఉన్న రెండింటినే ప్రయత్నిస్తుంది. రెండూ అందకపోతేనే 20 దగ్గరికి వెళ్తుంది. ఆ వరుసలో `chat3` ఒక్కటే ఉంది కాబట్టి దాని వెయిట్ సున్నా అయినా నష్టం లేదు. చివరి పేరు విషయంలో ఒక జాగ్రత్త: అక్కడ ఐపీ అడ్రస్ రాయకూడదు, సీనేమ్‌గా పెట్టిన మారుపేరు కూడా రాయకూడదు. సొంత A రికార్డు ఉన్న పేరే ఉండాలి.

మార్చిన వెంటనే మాత్రం ఏమీ మారలేదు. టీటీఎల్ 3600 సెకన్లు, అంటే పాత జవాబు గంటసేపు ఎక్కడో ఒకచోట దాచి ఉండొచ్చు. పైగా ఇప్పటికే కనెక్ట్ అయి ఉన్నవాళ్లు మళ్లీ డీఎన్‌ఎస్‌ను అడగరు. గంట ఆగి, భోజనాల వేళ పాత మెషీన్‌లో చాట్ సర్వీసు ఆపి మొదలుపెట్టాం. అప్పుడు జనం కొత్తవాటి మీదికి వచ్చారు.

అపోహ: వెయిట్ 60, 40 అని రాస్తే డీఎన్‌ఎస్ సర్వర్ జనాన్ని లెక్క ప్రకారం పంచుతుంది.

డీఎన్‌ఎస్ సర్వర్ ఎవరినీ పంచదు. మూడు రికార్డులూ అందరికీ ఇచ్చేస్తుంది, ఎంచుకునేది ఎదుటి ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో ఉన్న యాప్. అది ఒకే ప్రయారిటీ ఉన్నవాటి వెయిట్లు కూడుతుంది, ఇక్కడ 100. సున్నా నుంచి 100 లోపు ఏదో ఒక అంకె తీస్తుంది. 60 లోపు వస్తే `chat1`, దాటితే `chat2`. ప్రతి యాప్ విడిగా తీసే చీటీ ఇది. కాబట్టి 200 మంది లాగిన్ అయితే 120, 80కి దగ్గరగా వస్తుంది, కచ్చితంగా అంతే రాదు. మాకు మొదటి రోజు 113, 87 వచ్చాయి, అందులో తప్పేమీ లేదు. వెయిట్‌ను అసలు పట్టించుకోని యాప్‌లు కూడా ఉంటాయి.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. చాట్ కనెక్షన్ గంటల తరబడి అలాగే ఉంటుంది. కరెంటు పోయి `chat1` ఆగిందనుకోండి, దాని మీదున్న జనం `chat2` మీదికి పోతారు. పది నిమిషాల్లో `chat1` లేచినా వాళ్లు వెనక్కి రారు, మళ్లీ లాగిన్ అయ్యేదాకా అక్కడే ఉంటారు. ఆ సాయంత్రం `chat2` మీద లోడు చూసి వెయిట్లు తప్పని మార్చొద్దు. మరుసటి రోజు పొద్దున లాగిన్ల తర్వాత చూసి అప్పుడు తేల్చండి.

అపోహ: రెండో సర్వర్ రాసి ఉంటే మొదటిది ఆగినా ఎవరికీ తెలియదు.

మొదటి సర్వర్ బతికి ఉందో లేదో ఎస్‌ఆర్‌వీ రికార్డుకు తెలియదు. యాప్ తలుపు తట్టి చూసి తెలుసుకోవాల్సిందే. మెషీన్ నడుస్తూ సర్వీసు మాత్రమే ఆగితే ‘లేదు’ అన్న జవాబు వెంటనే వస్తుంది, యాప్ తర్వాతిదానికి క్షణంలో వెళ్తుంది. మెషీనే ఆరిపోయినా, ఫైర్‌వాల్ ప్యాకెట్లను మింగేస్తున్నా అసలు జవాబే రాదు. అప్పుడు యాప్ తన గడువు తీరేదాకా ఎదురుచూస్తుంది. ఆ కాసేపట్లోనే బ్రాంచి నుంచి టెన్షన్‌తో ఫోన్ వస్తుంది.

అపోహ: ఐపీ ఫోన్‌లో పోర్టు కూడా నింపితే ఇంకా భద్రం.

ఇది నాకు బాగా బాధ కలిగించే పొరపాటు, ఎందుకంటే శ్రద్ధగా పనిచేసేవాళ్లే ఇది చేస్తారు. మిర్యాలగూడలో ఫోన్లు పెట్టిన కుర్రాడు, “అన్నా, ఖాళీ వదిలేస్తే తప్పు కదా, అందుకే 5060 కొట్టిన” అన్నాడు. ఐపీ ఫోన్లు వాడే ప్రోటోకాల్ సిప్. సిప్ కాల్స్‌కు సర్వర్‌ను వెతికే పద్ధతి ఆర్‌ఎఫ్‌సీ 3263లో ఉంది. దాని ప్రకారం పోర్టు ముందే ఇచ్చి ఉంటే ఫోన్ ఎస్‌ఆర్‌వీని అడగదు, ఆ పేరు A రికార్డుకే నేరుగా వెళ్తుంది. అంటే రాసుకున్న రెండో సర్వర్ ఆ ఫోన్‌కు లేనట్టే. రోజూ బాగానే మోగుతుంది కాబట్టి మొదటి సర్వర్ ఆగిన రోజుదాకా ఎవరికీ తెలియదు. సర్వర్ గడిలో ఐపీ అడ్రస్ రాసినా ఇదే కథ. డొమైన్ పేరు మాత్రం రాసి, పోర్టు ఖాళీగా వదలాలి. కొన్ని ఫోన్లలో అక్కడ సున్నా పెట్టాలి, ఇంకొన్నింటిలో ఎస్‌ఆర్‌వీ అన్న ఆప్షన్ విడిగా ఆన్ చేయాలి. తర్వాత మొదటి సర్వర్‌లో సర్వీసు కావాలని ఆపి, ఫోన్ రెండోదానికి రిజిస్టర్ అయిందో లేదో కళ్లతో చూడండి.

అపోహ: సర్వర్‌కు పింగ్ వెళ్తోంది కాబట్టి విండోస్ డొమైన్ దొరకాలి.

మహబూబ్‌నగర్ బ్రాంచిలో కొత్త కంప్యూటర్ డొమైన్‌లో చేరనంది. హెడ్ ఆఫీసు సర్వర్ ఐపీకి పింగ్ చక్కగా వెళ్తోంది. కానీ విండోస్ డొమైన్ కంట్రోలర్‌ను వెతికేది ఎస్‌ఆర్‌వీ ద్వారా. దాన్ని అడిగి చూశాం:

```
nslookup -type=SRV _ldap._tcp.dc._msdcs.example.com
```

అలాంటి పేరే లేదని జవాబు. ఆ కంప్యూటర్‌లో డీఎన్‌ఎస్ 8.8.8.8 అని పెట్టి ఉంది. ఆఫీసు లోపలి రికార్డులు బయటి డీఎన్‌ఎస్‌కు ఎలా తెలుస్తాయి? రెండో డీఎన్‌ఎస్‌గా కూడా అది ఉండకూడదు, లోపలిది ఒకసారి ఆలస్యమైతే విండోస్ బయటిదాన్ని అడగడం మొదలుపెడుతుంది. కంప్యూటర్‌లో హెడ్ ఆఫీసు డీఎన్‌ఎస్ మాత్రమే పెట్టి, బయటి సైట్ల పేర్లను ఆ సర్వరే 8.8.8.8కు ఫార్వర్డ్ చేసేలా మార్చాం. అదే కమాండ్ మళ్లీ కొడితే కంట్రోలర్ పేరు, పక్కన పోర్టు 389 వచ్చాయి. కంప్యూటర్ డొమైన్‌లో చేరింది.