కోపంలో రాసిన జవాబు, తెల్లారాక తిరగరాయడం: అపోహలు - వాస్తవాలు

బంధువు అన్న మాట కన్నా, దానికి రాత్రికి రాత్రే పంపిన జవాబే పెద్ద గొడవగా మారడం కుటుంబ కౌన్సెలింగ్‌లో తరచూ చూస్తుంటాను.

అపోహ: కోపమంతా రాసేస్తే మనసు తేలికవుతుంది.

రాయడం వరకు పర్వాలేదు. రాసినదాన్ని మళ్లీ మళ్లీ చదువుకుంటూ, ఇంకా ఘాటైన మాట కోసం వెతకడంతోనే చిక్కు. 2002లో బ్రాడ్ బుష్‌మన్ అనే అమెరికా మనస్తత్వవేత్త ఒక ప్రయోగం చేశారు. కోపం తెప్పించిన మనిషిని తలుచుకుంటూ పంచింగ్ బ్యాగ్‌ని గుద్దినవాళ్లలో, ఊరికే కూర్చున్నవాళ్లలో కన్నా కోపం ఎక్కువగా కనిపించింది. అందుకే ఒక్కసారి రాసి మూసెయ్యండి. అదీ నోట్స్‌లో రాయండి. చాట్‌లో అయితే వేలు తగిలితే చాలు, వెళ్లిపోతుంది.

అపోహ: శాంతంగా రాస్తే మనం తగ్గినట్టే.

బాబాయి ఫ్యామిలీ గ్రూపులో "కన్నతండ్రిని పట్టించుకోనివాడు" అన్నాడనుకుందాం. రాత్రి డ్రాఫ్ట్ ఇలా ఉంటుంది:

"మీరా నాకు చెప్పేది? ముందు మీ అబ్బాయి సంగతి చూసుకోండి. మేం ఇల్లు కట్టేటప్పుడు మీరేం చేశారో మర్చిపోలేదు. నాన్న మందులకి నెలనెలా డబ్బు పంపుతున్నది నేనే. ఎప్పుడూ ఎదుటివాళ్లని తక్కువ చేయడమే మీ పని."

పొద్దున ఒక్కో వాక్యాన్నీ విడిగా చూడండి. మొదటిది ఉత్త దెబ్బ. రెండోదాని వల్ల ఈ గొడవతో సంబంధం లేని అబ్బాయి మధ్యలోకి వచ్చాడు, ఇక చర్చంతా అతని గురించే. ఇల్లు సంగతి నిజమైన బాధే కావచ్చు గానీ, అది వేరే రోజు తేల్చుకోవాల్సింది. "ఎప్పుడూ" అన్నారా, బాబాయి తాను మెచ్చుకున్న సందర్భం ఒక్కటి గుర్తుచేసి గెలుస్తాడు. పనికొచ్చే వాక్యం మందుల డబ్బుదే, అది వీటన్నిటి మధ్య నలిగిపోయింది. పైగా ఏ మాట నొప్పించిందో, ఆయన ఏం చేయాలో ఎక్కడా లేదు. తిరగరాస్తే ఇలా ఉంటుంది:

"బాబాయ్, నిన్న గ్రూపులో నన్ను 'కన్నతండ్రిని పట్టించుకోనివాడు' అన్నారు. చాలా బాధేసింది. నాన్న మందులకి నెలనెలా నేనే పంపుతున్నాను. ఏదైనా అనుమానం ఉంటే నాకు ఫోన్ చేసి అడగండి. నలుగురిలో ఇలా అనొద్దు."

ఇందులో సారీ లేదు, తగ్గడమూ లేదు. "మీరు పెద్దవారు, మీకు తెలియనిదేముంది" లాంటి మర్యాద మాత్రం కలపకండి. చదివేవాళ్లకి అది వెటకారంగానే వినిపిస్తుంది.

అపోహ: ఒక్క రాత్రి నిద్రపోతే చాలు.

పొద్దున చదివినప్పుడు తీసేయడానికి బదులు ఇంకో పాయింట్ చేర్చాలనిపిస్తే, ఆ రోజూ ఆగండి. మౌనాన్ని ఒప్పుకోలు అనుకుంటారేమోనని టెన్షన్‌గా ఉంటే "చూశాను, తర్వాత మాట్లాడతాను" అని ఒక్క ముక్క పెట్టండి. అయితే ప్రతి జవాబుకీ కొత్త తిట్టే వస్తుంటే తిరగరాయడం దండగ. అక్కడ ఆపేయొచ్చు.

అపోహ: గ్రూపులో అన్నమాటకి మొత్తం జవాబు గ్రూపులోనే ఇవ్వాలి.

నేనైతే రెండుగా విడదీయమంటాను. మందుల డబ్బు గురించిన వాక్యం అందరికీ తెలియాలి కాబట్టి గ్రూపులో పెట్టండి. బాధేసిందన్న మాట, ఇలా అనొద్దన్న మాట బాబాయికి విడిగా పంపండి. నలుగురు చూస్తుంటే ఆయన తన మాట వెనక్కి తీసుకోవడం కష్టం.