ఓరియెంటేషన్‌లో సెల్ఫ్ ఇంట్రో: అపోహలు - వాస్తవాలు

అమెరికాలో ఒక యూనివర్సిటీలో, కొత్తగా చేరే ఎం.ఎస్. విద్యార్థుల ఓరియెంటేషన్ చూసుకునే బృందంలో పనిచేస్తున్నాను. ఏటా ఆగస్టులో మన పిల్లలు లేచి నిలబడి తమను తాము పరిచయం చేసుకోవడం వింటాను. చదువులో ఎవరికీ తీసిపోనివాళ్లు ఎవరికీ గుర్తుండని నాలుగు ముక్కలు చెప్పి కూర్చుంటే మనసు చివుక్కుమంటుంది. వాళ్లను వెనక్కి లాగుతున్నది ఇంగ్లిష్ కాదు, కొన్ని అపోహలు.

అపోహ: క్యాంపస్ ఇంటర్వ్యూకి బట్టీ పట్టిన ఇంట్రో ఇక్కడా సరిపోతుంది.

ఆ ఇంట్రో ఉద్యోగం ఇచ్చేవాళ్ల కోసం తయారైంది. టెన్త్ జీపీఏ, ఇంటర్ మార్కులు, బీటెక్ పర్సంటేజీ, నాన్న వ్యవసాయం, అమ్మ గృహిణి, చివర్లో నా బలాలు, బలహీనతలు. మీ మార్కులు అడ్మిషన్ ఇచ్చినప్పుడే చూసేశారు. ఎంసెట్ ర్యాంకు విలువ పక్క సీట్లోని బ్రెజిల్ అమ్మాయికి తెలియదు. ఈ మనిషితో ఏం మాట్లాడొచ్చు, ఏ పనిలో కలవొచ్చు అన్నదే ఆ గదిలో ఉన్నవాళ్లకు కావాలి. పైగా నలభై మంది ఉంటే తలా 45 సెకన్లు తీసుకున్నా అరగంట పడుతుంది. 45 సెకన్లంటే తొందరపడకుండా మాట్లాడితే ఇంగ్లిష్‌లో సుమారు వంద మాటలు. అందులో సగం మార్కులకే పోతే ఇక మిగిలేదేముంది?

అపోహ: మన ఊరి సంగతులు అక్కడ ఎవరికి కావాలి? ఇండియా అంటే చాలు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. నర్సంపేట దగ్గరి ఊరి నుంచి వచ్చిన ఒక సివిల్ ఇంజినీరింగ్ అబ్బాయి ముందురోజు తన ఇంట్రో చదివి వినిపించాడు. ఊరి పేరు లేదు. "రిమోట్ సెన్సింగ్, మెషీన్ లెర్నింగ్ మీద ఆసక్తి" అని ఉంది. అదే మాట ఇంకో పదిమంది చెబుతారు.

"ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు ఏం చేశావు?" అని అడిగాను.

"మా ఊరి చెరువు అక్కా. నీళ్లు ఎంత మేర ఉన్నాయో శాటిలైట్ ఫొటోల్లో కొలిచాం. కానీ సరిగ్గా రాలేదు."

"ఎందుకు రాలేదు?"

"గుర్రపుడెక్క పట్టేసింది. పైనుంచి చూస్తే నీళ్లున్నచోట కూడా పచ్చటి చేనులా కనిపిస్తుంది."

చెప్పాల్సిన విషయం ఇదే కదా! వాళ్లు వాడింది సెంటినల్-2 చిత్రాలు. వాటిలో ఒక్కో చుక్క నేలమీద 10 మీటర్ల చదరం. పెద్ద చెరువుకు అది చాలు. చిన్న కుంట అయితే గట్టు వెంబడి నీళ్లు, నేల ఒకే చుక్కలో కలిసిపోతాయి. దానికితోడు గుర్రపుడెక్క. ఇద్దరం కూర్చుని ఇంట్రో మళ్లీ రాశాం. తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంటుంది:

"నాది దక్షిణ భారతదేశంలో తెలంగాణ. మా ప్రాంతంలో కాకతీయ రాజుల కాలం నాటి చెరువుల కింద ఇప్పటికీ వరి పండిస్తారు. శాటిలైట్ చిత్రాలతో మా ఊరి చెరువులో నీటి విస్తీర్ణం కొలిచాను. నీటిమీద కలుపు పెరిగినచోట నా లెక్క తప్పింది. రాడార్ చిత్రాలతో ఏమైనా తేలుతుందేమో ఇక్కడ చూడాలనుకుంటున్నాను. రాడార్ తెలిసినవాళ్లుంటే నాతో మాట్లాడండి."

ఇందులో ఊరు, ఆసక్తి వేర్వేరుగా లేవు. ఊరిలోంచే ప్రశ్న పుట్టింది. నేపథ్యం ఎంత చెప్పాలన్నదానికి నేను చూసే కొలత కూడా ఇదే. మీ ప్రశ్న అర్థం కావడానికి ఎంత అవసరమో అంత ఉంచండి. కాకతీయుల చరిత్ర మొదలుపెడితే ఎక్కువైనట్టు. చెరువు మాటే లేకపోతే తక్కువైనట్టు. లెక్క తప్పిందని చెప్పడానికి ఆ అబ్బాయి మొదట జంకాడు. సరిగ్గా ఆ వాక్యమే పక్కవాళ్లకు మాట కలపడానికి దారి ఇస్తుంది.

అపోహ: రీసెర్చ్ టాపిక్ తేలనివాళ్లు ఏదో ఒక పెద్ద పేరు చెప్పేయాలి.

అక్కర్లేదు. కోర్సుల ఎం.ఎస్.లో చాలామందికి మొదటి సెమిస్టర్‌లో టాపిక్ ఉండదు, ప్రొఫెసర్లకు ఆ సంగతి తెలుసు. వినికిడి మీద "ఏఐ" అంటే, టీ బ్రేక్‌లో ఎవరైనా "అందులో ఏ భాగం?" అని అడిగిన మరుక్షణం టెన్షన్ మొదలవుతుంది. రెండేళ్లు టెస్టింగ్ ఉద్యోగం చేసి వచ్చారనుకోండి. "ఒకే బగ్ రిలీజ్ తర్వాత రిలీజ్‌లో ఎందుకు తిరిగొస్తుందో తెలుసుకోవాలని ఉంది, ఏ కోర్సు తీసుకోవాలో ఇంకా చూస్తున్నాను" అంటే నిజం, పైగా స్పష్టం. సీనియర్లు కోర్సు పేరు చెప్పడానికి వాళ్లే వస్తారు.

అపోహ: పేరు ఎలాగూ లిస్టులో ఉంటుంది, గబగబా అనేసినా ఫర్వాలేదు.

పాస్‌పోర్టులో ఇంటిపేరు, పేరు ఏ గడిలో పడ్డాయో దాన్నిబట్టే లిస్టు తయారవుతుంది. చాలామంది మన పిల్లలను అక్కడ ఇంటిపేరుతోనే పిలిచేస్తారు. అందుకే మిమ్మల్ని ఏమని పిలవాలో ముందే చెప్పండి. పేరు పొడవైతే విడదీసి నిదానంగా ఒకసారి పలకండి, ఆపైన ఒక క్షణం ఆగండి. వెంకట సాయి లక్ష్మీనారాయణ అయితే "సాయి అనండి" అంటే సరిపోతుంది. నోరు తిరగదని ఇంగ్లిష్ పేరు తగిలించుకోవాల్సిన పనిలేదు.